అప్‌డేట్: 8×10 ప్రింట్‌లో అంచులు పోవడం గురించి

నేను అడిగింది: గ్రూప్ ఫోటో 8×10 ప్రింట్ వేయిస్తే చివర నిల్చున్న పెదనాన్న భుజం కట్ అవుతోంది, ఎందుకు?

అప్‌డేట్: మీరు చెప్పినట్టు ముందు ఫైల్ సైజు చూశా, కెమెరాది 6000×4000, అంటే 3:2, కానీ 8×10 అనేది 5:4 కాబట్టి ఎత్తు మొత్తం ఉంచితే వెడల్పులో 5000 పిక్సెల్సే పడతాయి, అంటే రెండు పక్కలా చెరో 500 ఎగిరిపోతాయి, మావాళ్లేమో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడ్డారు. 8×12 అయితే అసలు క్రాపే అక్కర్లేదు. కానీ ఫ్రేమ్ 8×10ది ఆల్రెడీ కొనేశాం (అమ్మ సెలక్షన్, మార్చే ప్రసక్తే లేదు), అందుకని ఫోటో మొత్తం 10 అంగుళాల వెడల్పులో పెట్టి పైనా కిందా అంగుళంలో దాదాపు మూడింట రెండు వంతుల తెల్ల పట్టీ వదిలేశా, బానే ఉంది.

ఇంకోటి, బోర్డర్‌లెస్ అంటే మెషీన్ ఫోటోని కాస్త పెద్దది చేసి అంచులు కోస్తుందట, అందుకే కింద పేర్లు రాసిన కాపీకి బ్యాక్‌గ్రౌండ్‌ని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పెంచి, పేర్లని మాత్రం కోత గీతకి పావు అంగుళం లోపలికి జరిపా. ఇలా బయటికి పెంచిన అంచు, అంటే బ్లీడ్, కలిపిన ఫైల్ ఇవ్వాలా, కరెక్ట్ సైజుదా అన్నది షాపుని బట్టి ఉంటుంది, అడిగే ఇవ్వండి.