గుంటూరు మిర్చి రేట్ల వీడియోలు: రోజూ కొత్త టైటిల్ ఎలా?

యార్డు_గేటు: మిర్చి యార్డు రేట్లు రోజూ యూట్యూబ్‌లో పెడుతున్నా. టైటిల్ "నేటి గుంటూరు మిర్చి ధరలు", తేదీ ఒక్కటే మారుతుంది. డిస్క్రిప్షన్ నిన్నటిదే. ఛానల్ తెరిస్తే అన్నీ ఒకే వీడియోలా ఉన్నాయి. మానిటైజేషన్‌కి పెడితే ఇదే కారణంతో తిప్పికొడతారా?

చిన్నా_ఎడిట్స్: టైటిల్ ఒకటే అయితే డూప్లికేట్ అని స్ట్రైక్ వేస్తారు అన్నా. తేదీ ముందుకు జరుపు, థంబ్‌నెయిల్ రంగు మార్చు, పాతవి డిలీట్ కొట్టు. అయిపోద్ది.

కొట్టు_గుమాస్తా: తేదీ సంగతి సరే గానీ తమ్ముడూ, టైటిల్ ఒకటైనంత మాత్రాన స్ట్రైక్ రాదు. రివ్యూలో చూసేది ఛానల్ మొత్తాన్ని. అవే నాలుగు ఫొటోలు, అదే గొంతు, మధ్యలో అంకెలు మాత్రం మారుతుంటే మూసలో పోసిన వీడియోలంటారు. 2025 జూలైలో ఆ నిబంధనను ఇంకాస్త స్పష్టం చేశారు కూడా. అప్పుడు టైటిల్ ఎన్ని రకాలుగా తిప్పినా లాభం లేదు.

అందుకే ముందు ఆ రోజు యార్డులో ఏం జరిగిందో వీడియోలో ఉండాలి, టైటిల్ దాన్నుంచే పుడుతుంది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సీజన్లో సోమవారం బస్తాలు ఎక్కువ దిగుతాయి. ఆ రోజు "బస్తాలు పోటెత్తాయి, తేజ 300 తగ్గింది | గుంటూరు మిర్చి, ఫిబ్రవరి 9" అనొచ్చు. మర్నాడు బాడిగ కదిలితే బాడిగతో మొదలుపెట్టు. టైటిల్‌కి 100 అక్షరాల దాకా చోటున్నా ఫోన్లో చివర తెగిపోతుంది, మారే మాట ముందుండాలి. "నేటి" తీసెయ్, వారం తర్వాత వెతికినవాడిని అది తప్పుదారి పట్టిస్తుంది.

డిస్క్రిప్షన్లో పైకి కనిపించేది మొదటి రెండు మూడు లైన్లే. రాక ఎంత, కొత్త కాయా ఏసీ సరుకా, ఏ రకం ఎంత నుంచి ఎంత పలికింది అన్నవి అక్కడ రాయి. ఎప్పుడూ ఉండే మాటలు స్టూడియోలో అప్‌లోడ్ డిఫాల్ట్స్‌లో పెట్టుకుంటే కింద వాటంతటవే వస్తాయి.

వినుకొండ_రైతు: టైటిళ్లు సరేనయ్యా, వీడియోలో చెప్పిన రేటు మా కాయకి ఎందుకు పడదు? కిరాయి పెట్టుకుని తోలాక సగటు రకం అన్నారు.

కొట్టు_గుమాస్తా: వాళ్లు చెప్పేది డీలక్స్ రేటు పెద్దాయనా, అది కొన్ని లాట్లకే పడుతుంది. తేమ ఉన్నా, తాలు కలిసినా దిగిపోతుంది. యార్డు_గేటు, ఇది నీకూ పనికొచ్చే మాటే. టైటిల్లో పై రేటు ఒక్కటే వేయకు, మీడియం ఎంత పోయిందో కూడా వెయ్యి.

యార్డు_గేటు: మరి రేట్లు కదలని రోజు?

ఏనుమాముల_వాసి: మా వరంగల్ మార్కెట్‌వి నేనూ పెడతా. అలాంటి రోజు వీడియో తీయను, రెండు లైన్ల పోస్టుతో సరిపెడతా.

కొట్టు_గుమాస్తా: నాకది నచ్చదు. ధర నిలబడిందన్నది కూడా వార్తే, ఏసీలో సరుకు పెట్టుకున్నవాడు చూసేది అదే.

ఏనుమాముల_వాసి: వార్తే, కాదనను. కానీ నిమిషం చూసి వెళ్లిపోతున్నారు.

చిన్నా_ఎడిట్స్: సరే, పాతవి డిలీట్ చేయాలా వద్దా?

కొట్టు_గుమాస్తా: వద్దు, వాటి వాచ్ టైం లెక్కలోంచి పోతుంది. టైటిళ్లు మాత్రం తీరిగ్గా ఎడిట్ చేసుకోవచ్చు.