కాలి బొటనవేలు రాత్రికి రాత్రే వాచింది: దెబ్బా, గౌటా?

శ్రీధర్
నా వయసు 46. మొన్న సాయంత్రం కుడికాలి బొటనవేలు మెట్టుకు తగిలింది. కాసేపు చురుక్కుమని తగ్గిపోయింది. మామూలుగానే తిరిగాను, పడుకున్నాను. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చింది. వేలి మొదట్లోని కీలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది, దుప్పటి తగిలినా భరించలేకపోతున్నాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. యూరిక్ యాసిడ్ 6.2, ల్యాబ్ పరిమితి 7 లోపే. జ్వరం లేదు, పుండు లేదు. రక్తపోటుకు మాత్ర వాడుతున్నాను. మా అన్నయ్య దెబ్బే అంటున్నాడు, మా ఆవిడ యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లలో వచ్చే గౌట్ అంటోంది. ఎవరి మాట నమ్మాలి? ఏం తినకూడదు?

భాస్కర్
మీ అన్నయ్య మాటే సరైనది. వేలు మెట్టుకు తగిలింది, ఆ వేలే వాచింది, యూరిక్ యాసిడ్ మామూలుగా ఉంది. ఇంకేం కావాలి? కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోండి, గుడ్డ చుట్టిన ఐసు పెట్టండి, నాలుగు రోజులు ఆ కాలి మీద బరువు వేయకండి. వేలు వాస్తే చాలు గౌట్ అనడం ఈ మధ్య అందరికీ అలవాటైపోయింది.

వనజ
గోరు అంచు చర్మంలోకి దిగిందేమో చూసుకోండి. నాకూ బొటనవేలు ఇలాగే ఎర్రబడి వాచింది, చివరికి గోరు పక్కన చీము అని తేలింది. గోరువెచ్చని ఉప్పు నీళ్లలో కాలు పెడితే హాయిగా ఉండేది.

హిమబిందు
వనజ గారూ, ఆయన వాపు వేలి మొదట్లో ఉందన్నారు. గోరు సమస్య వేలి చివరన ఉంటుంది. గౌట్ అయితే వేడి నీళ్లు మంటను పెంచుతాయి, ఐసే మేలు.

భాస్కర్ గారూ, ఐసు, విశ్రాంతి గురించి మీరు చెప్పింది సరే, దెబ్బయినా గౌటయినా అవి పనికొస్తాయి. నిర్ణయం దగ్గరే మీతో ఏకీభవించలేను. నేను కీళ్లవ్యాధుల విభాగంలో పనిచేస్తాను. అక్కడ మొదట అడిగేది దెబ్బ తగిలిందా అని కాదు, తగిలిన తర్వాత గంటగంటకూ ఏమైంది అని. ఎముక విరిగినా, స్నాయువు తెగినా నొప్పి ఆ క్షణానే గట్టిగా ఉంటుంది, ఆపై వాపు వస్తుంది, తరచుగా చర్మం కమిలి నీలంగా మారుతుంది. వేలు కదపకుండా ఉంచితే చాలావరకు ఓర్చుకోగలం. శ్రీధర్ గారికి తగిలిన నొప్పి పోయింది, గంటల తరబడి హాయిగా ఉన్నారు, తర్వాత నిద్రలో మంట లేచింది. ఒక్క రోజు లోపే శిఖరానికి చేరి, కదపకపోయినా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా మారే నొప్పి గౌట్‌ది.

అలాగని దెబ్బకు సంబంధం లేదనలేను. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు ఆ కీలులో ముందే పేరుకుని ఉంటే చిన్న తాకిడికే అవి కదిలి మంట రేపవచ్చు. మీ ఇంట్లో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు.

ఇక 6.2 సంగతి. గౌట్ దాడి జరుగుతుండగా మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను మామూలు కంటే ఎక్కువగా బయటికి పంపుతాయి, అందుకే రక్తంలో అంకె పడిపోవచ్చు. ఆ సమయంలో మామూలుగా వచ్చిందని గౌట్ లేదనకూడదు. నొప్పి పూర్తిగా తగ్గాక కనీసం రెండు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించండి. ఎక్స్‌రే కూడా మొదటి దాడిలో దాదాపు ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది.

భాస్కర్
కీలులోంచి ద్రవం తీసి చూడకుండా గౌట్ అని ముద్ర వేయడం తొందరపాటు కాదా?

హిమబిందు
న్యాయమైన మాట. సూది ఆకారపు స్ఫటికాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తేనే అది ఖాయం. కానీ అంత చిన్న కీలులో ద్రవం దొరకడమే కష్టం, అందుకే లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు చాలామంది వైద్యులు నేరుగా చికిత్స మొదలుపెడతారు. ద్రవం తప్పక తీయాల్సింది చీము పట్టిందేమో అన్న అనుమానం ఉంటే. జ్వరం, వణుకు, వేలి మీద పుండు, మధుమేహం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, వీటిలో ఏదున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో ఇన్‌ఫెక్షన్ కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది.

ప్రసాద్
నాకు గౌట్ ఉంది. నాకు తెలిసింది ఒక్కటే, పప్పులు, పాలకూర, పుట్టగొడుగులు, మాంసం అన్నీ మానెయ్యండి. యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అలోప్యూరినాల్ వెంటనే మొదలుపెట్టండి. దాడి వచ్చిన రోజే నా వైద్యుడు రాశారు.

హిమబిందు
జాబితాలో సగం కొట్టేయాలి ప్రసాద్ గారూ. వేలమంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2004లో వెలువరించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు, రొయ్యల లాంటివి ఎక్కువగా తినేవారికి గౌట్ ఎక్కువగా వచ్చింది. శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలతో మాత్రం అలా కాలేదు. పాల పదార్థాలు తీసుకునేవారికి తక్కువగా వచ్చింది. కనుక కాలేయం, మూత్రపిండాల మాంసం, ఎర్ర మాంసం, సార్డిన్, ఆంకోవీ చేపలు తగ్గించండి. బీరు, విస్కీ మానండి. తీపి శీతల పానీయాలను చాలామంది మరిచిపోతారు, వాటిలోని ఫ్రక్టోజ్ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ఉపవాసం ఉండి శరీరాన్ని ఎండగట్టడమూ దాడిని తెస్తుంది, నీళ్లు తగ్గించకండి. ఎంత పథ్యం చేసినా యూరిక్ యాసిడ్ తగ్గేది సాధారణంగా ఒక్క పాయింటు చుట్టుపక్కలే, ఎందుకంటే ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకుంటుంది.

ఇప్పుడు నొప్పి తగ్గించేవి నాప్రాక్సెన్ లాంటి మాత్రలు, కాల్చిసిన్, స్టిరాయిడ్, ఈ మూడింటిలో ఒకటి. మూత్రపిండాలు, కడుపు, గుండె పరిస్థితిని బట్టి వైద్యుడు ఎంచుతారు. కాల్చిసిన్ దాడి మొదలైన తొలి రోజున చక్కగా పనిచేస్తుంది, ఆలస్యమైన కొద్దీ ప్రభావం తగ్గుతుంది. పూర్వం విరేచనాలు పట్టే దాకా గంటగంటకూ ఇచ్చేవారు. తక్కువ మోతాదుతోనూ నొప్పి అంతే తగ్గుతుందని, విరేచనాలు మాత్రం బాగా తక్కువగా ఉంటాయని 2010 నాటి ఒక పరీక్షలో తేలింది. అందుకే చీటీలో రాసిన దానికంటే ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోవద్దు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతుంటే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే ప్రమాదం.

అలోప్యూరినాల్ గురించి వైద్యుల్లోనే రెండు వాదనలున్నాయి. నొప్పి చల్లారాకే మొదలుపెట్టాలని కొందరు అంటారు. 2020 అమెరికా రుమటాలజీ మార్గదర్శకాలు దాడి మధ్యలోనూ మొదలుపెట్టవచ్చన్నాయి, అయితే నొప్పి మందును తోడుగా ఉంచి, 100 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువతో. తొలి దాడి వచ్చిన ప్రతివారికీ అది అక్కర్లేదు కూడా. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం దాడి వచ్చిందని ఆపకూడదు.

శ్రీధర్
నా రక్తపోటు మాత్ర పెట్టె చూశాను, అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా కలిసి ఉంది. నొప్పి తగ్గుతుందని ఆస్పిరిన్ వేసుకున్నాను.

హిమబిందు
హైడ్రోక్లోరోథయాజైడ్ యూరిక్ యాసిడ్‌ను శరీరంలో నిలిపి ఉంచుతుంది, మీ కథలో నాకు లోటుగా అనిపించిన ముక్క ఇదే. మీకు మీరే ఆపకండి, మార్చవచ్చా అని వైద్యుణ్ని అడగండి. లోసార్టాన్ అనే రక్తపోటు మాత్ర యూరిక్ యాసిడ్‌ను కాస్త తగ్గిస్తుంది కూడా. నొప్పి కోసం ఆస్పిరిన్ ఇక వద్దు, తక్కువ మోతాదులో అదీ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. గుండె కోసం రోజూ రాసిచ్చిన ఆస్పిరిన్ అయితే మానకూడదు.

భాస్కర్
రెండు వారాల తర్వాత అంకె అప్పుడూ 6.2 లోనే ఉంటే నా మాటే నిలుస్తుంది కదా?

హిమబిందు
అప్పుడు నా అనుమానం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ కీలుకు అల్ట్రాసౌండ్ తీయిస్తే మృదులాస్థి పైపొరలో స్ఫటికాల గీత కనిపిస్తుందో లేదో చూడవచ్చు.

ప్రసాద్
పప్పుల సంగతి మాత్రం నేను ఒప్పుకోను. నాకు తింటే వస్తుంది.