‘ముప్పయ్యేళ్ళ పైమాటే’: ‘గ్లోరియా స్కాట్’ కథ ఏ సంవత్సరంలో జరిగినట్టు?

సుమతి: షెర్లాక్ హోమ్స్ కథలను అచ్చయిన క్రమంలో కాకుండా, కథలోని సంఘటనలు జరిగిన క్రమంలో పేర్చుకుంటున్నాను. ‘గ్లోరియా స్కాట్’ దగ్గర ఆగిపోయాను. హడ్సన్ అనే నావికుడు ముసలి ట్రెవర్ ఇంటికి వచ్చి, ‘మిమ్మల్ని చూసి ముప్పయ్యేళ్ళ పైమాటే’ అంటాడని చిన్నప్పుడు చదివిన తెలుగు అనువాదం వల్ల గుర్తు. అయితే అది ‘ఇరవయ్యేళ్ళ పైమాట’ ఏమోనన్న అనుమానం పీడిస్తోంది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. అంకె ఏదైనా, ‘పైమాట’ అన్నప్పుడు ఎంత పైకి వెళ్ళవచ్చో కూడా చెప్పగలరా?

రాఘవరావు: మూలంలో హడ్సన్ నోట ఉన్నది ముప్పయ్యే, ‘ముప్పై ఏళ్ళు, ఆ పైన’ అన్న అర్థంలో. చిక్కంతా అక్కడే ఉంది. ట్రెవర్ రాసిపెట్టిన కాగితాల ప్రకారం, ఆయన ఖైదీగానూ హడ్సన్ నావికుడిగానూ ఉన్న ‘గ్లోరియా స్కాట్’ అనే ఖైదీల ఓడ ఫాల్మత్ రేవు నుంచి బయలుదేరింది 1855 అక్టోబరు 8న, నాశనమైంది నవంబరు 6న. క్రిమియా యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజులని కూడా ఆయనే రాశాడు కాబట్టి ఆ సంవత్సరాన్ని వెనక్కి జరపలేము. దానికి ముప్పై కలిపితే 1885 వస్తుంది. కానీ అప్పటికి హోమ్స్ కళాశాల విద్యార్థిగా ఉండాలి. మొదటి నవలలో వాట్సన్ 1878లో పట్టా పుచ్చుకుని, 1880 జులైలో మైవాండ్ యుద్ధంలో గాయపడి, లండన్ చేరిన తరువాత హోమ్స్‌తో ఒకే ఇంట్లో దిగుతాడు. ఆ నవలలోని కేసు మార్చి 4న మొదలవుతుంది. అది 1881 అని ఎక్కువమంది లెక్క. అప్పటికే డిటెక్టివ్‌గా స్థిరపడిన మనిషి నాలుగేళ్ళ తరువాత కళాశాలలో చదువుతుండడం సాధ్యం కాదు.

మాధవి: ఇందులో చిక్కేమీ లేదని నా అభిప్రాయం. ‘గ్లోరియా స్కాట్’ 1893లో అచ్చయింది, మొదటి నవల 1887లో. తరువాత వచ్చిన కథ తరువాతి కాలానిదే కావాలి కదా? 1885 సరిపోతుంది.

రాఘవరావు: మాధవి గారూ, అచ్చయిన సంవత్సరాలు మీరు చెప్పినవే. అయితే ఈ కథలో గతం మూడు పొరలుగా ఉంది. ఒక చలికాలపు రాత్రి మంట దగ్గర కూర్చుని హోమ్స్ వాట్సన్‌కు తన కళాశాల రోజుల సంగతి చెబుతాడు. ఆ సంగతి లోపల ట్రెవర్ రాతప్రతి ఉంది. ఆ రాతప్రతి లోపల ఓడ కథ ఉంది. 1893 అన్నది ఈ మూడింటిలో దేనికీ తేదీ కాదు. పైగా తన వృత్తికి దారి చూపిన తొలి సంఘటన ఇదేనని హోమ్స్ స్వయంగా అంటాడు కనుక, అచ్చు క్రమం ఇక్కడ మనకు పనికిరాదు.

శర్మ: ఒక పాత్ర నోటి లెక్కను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న రాగానే నాకు విరాటపర్వం గుర్తుకు వస్తుంది. తిక్కన తన రచనను ఆ పర్వంతోనే ప్రారంభించాడు. వ్యాసభారతంలో, పాండవుల గడువు నిండిందా లేదా అన్న వివాదంలో భీష్ముడు అయిదేళ్ళకు రెండు అధికమాసాల చొప్పున లెక్కగట్టి, పదమూడేళ్ళకు అయిదు నెలలూ పన్నెండు రాత్రులూ ఎక్కువైనాయంటాడు. అదే సూత్రంతో గుణిస్తే నాకు అయిదు నెలలూ ఆరు రోజులే వస్తున్నాయి. మిగిలిన ఆరు రాత్రులు ఎక్కడివి? ‘ఇతి మే వర్తతే మతిః’ అంటే ‘నా బుద్ధికి ఇలా తోస్తోంది’ అని చివర భీష్ముడే చేర్చాడు. అంతటి పితామహుడే తన మాటకు ఆ ‘మతి’ని చేర్చితే, హడ్సన్ ‘పైమాట’కు మనం అంతకంటే గట్టితనం ఆపాదించకూడదు.

మాధవి: అక్కడ ‘మతి’ అంటే తోచడం కాదు శర్మ గారూ, నిశ్చయం. భీష్ముడు సందేహంతో మాట్లాడలేదు. దుర్యోధనుడికి తీర్పు చెబుతున్నాడు.

శర్మ: తీర్పు చెప్పేవాడు ‘మే’ అనడు. దానిమీద మనం వేరుగా మాట్లాడుకుందాం.

కిరణ్: నేను ఒక ధారావాహిక రాస్తున్నాను. కథానాయకుడి తండ్రి గతంలో, ‘ఇరవైమూడో ఏట ఇల్లు విడిచాడు’ అని మూడో భాగంలో రాసి, ఏడో భాగంలో ‘అప్పటికి ఇరవైమూడు నిండాయి’ అన్నాను. ఒక పాఠకుడు రెండింటికీ ఏడాది తేడా ఉందని పట్టుకున్నాడు. సుమతి గారికి ఎదురైన చిక్కు కూడా ఇదే అనుకుంటున్నాను.

సుమతి: నా చిక్కు అది కాదు కిరణ్ గారూ, అయినా మీ మాట అక్కరకు వచ్చింది. ఓడ ఎక్కేనాటికి తన వయస్సు ఇరవైమూడని ట్రెవర్ రాశాడు. దాన్ని ‘ఇరవైమూడో ఏట’ అని అనువదిస్తే, నిండినవి ఇరవైరెండే అవుతాయి. ఆయన పుట్టిన సంవత్సరం ఒకటి ముందుకు జరుగుతుంది. ‘ఏట’ అన్న ఆ రెండక్షరాలతో నా పట్టిక మారుతుంది.

రాఘవరావు: నిజమే. ఇప్పుడు అసలు వాక్యానికి వస్తాను. హడ్సన్ మాట ఏళ్ళ తరువాత హోమ్స్ జ్ఞాపకం నుంచి చెప్పినది. ట్రెవర్ రాతప్రతి మాత్రం హోమ్స్ చేతిలో ఉన్న కాగితం. దాన్ని చదివి వినిపిస్తాడు. రెండూ తగువు పడితే నేను కాగితాన్నే నమ్ముతాను. ‘ఇరవయ్యేళ్ళకు పైగా ప్రశాంతంగా బతికాము’ అని అందులో ఉంది. 1855కు ఇరవై కలిపితే 1875. చివరి కథల్లో ఒకటైన 1914 ఆగస్టు కథలో హోమ్స్‌ను అరవయ్యేళ్ళ మనిషిగా వర్ణించారు కాబట్టి, 1854 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. 1875లో ఇరవైఒక్కేళ్ళ విద్యార్థి. అంతా అమరుతుంది.

సుమతి: అంతా అమరడం లేదండీ. ఆ ఇరవయ్యేళ్ళు ఓడ మునిగిన రోజు నుంచి లెక్క కాదు. గనుల్లో సంపాదించి, దేశాలు తిరిగి, ఇంగ్లండు వచ్చి ఎస్టేట్లు కొన్న తరువాత బతికిన బతుకు అది. మధ్య గడిచిన కాలానికి మూడేళ్ళే వేసుకున్నా 1878 దాటుతుంది, హోమ్స్‌కు ఇరవైనాలుగు వస్తాయి. ఇంకొక సంగతి: ట్రెవర్ కొడుకు విక్టర్ హోమ్స్‌కు సహాధ్యాయి. 1875లో అతనికి పద్దెనిమిదేళ్ళున్నా 1857 నాటికి పుట్టి ఉండాలి. అంటే తండ్రి తప్పించుకుని ఆస్ట్రేలియా చేరిన ఒకటి రెండేళ్ళకే. 1885 అనుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

మాధవి: అందుకే నేను 1885 అన్నాను.

రాఘవరావు: కారణం అది కాదు కదా మాధవి గారూ. అయితే విక్టర్ వయస్సు సంగతి నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. అయినా ‘ఇరవయ్యేళ్ళకు పైగా’ అన్న మాట ముప్పైని మోయలేదనే నా పట్టు. ముప్పై గడిచినవాడు ‘ఇరవైకి పైగా’ అనడు.

శర్మ: తర్కంలో మోస్తుంది, వాడుకలో మోయదు. ‘పైచిలుకు’ అయితే రెండు మూడేళ్ళు. ‘పైగా’ అయితే అయిదారు. ‘పైమాటే’ అన్నప్పుడు మాత్రం అవధి లేదు, ఎందుకంటే అది లెక్క చెప్పే మాట కాదు, నొక్కి చెప్పే మాట. చాలాకాలం తరువాత ఎదురుపడిన మనిషి నోట వచ్చేది ఈ మూడోదే.

సుమతి: అలాగైతే నేను చదివిన అనువాదకుడు అంకె కన్నా ముందు ఆ ‘పైమాటే’నే ఎంచుకున్నాడేమో. పట్టికలో ఈ కథ ఎదుట 1875 అనీ, 1885 అనీ రెండూ రాసి, వాటి మధ్య ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆ పాత అనువాదం ఎవరి దగ్గరైనా ఉంటే, హడ్సన్ వచ్చే పేజీలో ఆ ఒక్క వాక్యం చూసి చెప్పండి.

కిరణ్: నా దగ్గర ఒక ప్రతి ఉంది. అందులో ‘ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి’ అని మాత్రమే ఉంది, అంకె లేదు.