టైలరింగ్ ఆదాయం హెచ్చుతగ్గులు: అద్దె, స్కూలు ఫీజు ఆగకుండా ఎలా?

మాది విజయవాడ. మా ఆయన జీతం ఇంటి ఖర్చులకే సరిపోతుంది. అద్దె 6,500, బాబు స్కూలు ఫీజు నేను బ్లౌజులు కుట్టి కట్టాలి. ఫీజు మూడు టర్ములు, ఒక్కోటి 15,000. నెలకు పంచితే 3,750. అంటే నెలనెలా నాకు 10,250 కావాలి.

దారం, లైనింగ్ ఖర్చు పోగా ఏడాదికి లక్షన్నర దాకా మిగులుతుంది. సగటున 12,500, లెక్కకు చాలినట్టే. కానీ శ్రావణంలో పాతిక వేలు వస్తే ఆషాఢంలో నాలుగు వేలు కూడా కష్టం. మూఢంలోనూ అంతే. పైగా మొదటి టర్ము ఫీజు జూన్‌లో, సరిగ్గా ఖాళీ నెలల ముందు!

అందుకే కుట్టుడబ్బంతా వేరే ఖాతాలో వేసి, ఒకటో తారీఖున 10,250 మాత్రమే జీతంలా తీసుకుందామనుకుంటున్నాను. అందులో ఫీజు వాటా 3,750 మళ్లీ విడిగా పెడతాను. ఖాళీ నెలకు 6,250 లోటు. రెండు నెలలు వరుసగా వస్తే 12,500, అధిక మాసం కూడా కలిస్తే 18,750. ఈ శ్రావణంతో మొదలుపెట్టి, సీజన్ నెలల్లో మిగిలింది పక్కన పెడుతూ అంత కూడబెడితే చాలా? సీజన్ మధ్యలో మిషన్ మోటారు పోతే అన్న టెన్షన్ కూడా ఉంది.

ఆర్‌డీకి నెలనెలా ఒకే మొత్తం కట్టాలి, నాకు కుదరదు. చిన్న చిన్న ఎఫ్‌డీలుగా విడగొడితే అవసరానికి ఒక్కటే తీయొచ్చు కదా? ఇలాంటి ఆదాయంతో నెట్టుకొస్తున్నవాళ్లు మీరెలా చేస్తున్నారో చెప్పండి.