చదివేవాళ్లకి ఊపిరి ఆడని అనువాద వాక్యం, ఎలా విరవాలి?

హైదరాబాద్‌లో జరిగే ఓ ఇంగ్లీష్ కథను ఆడియో కోసం తెలుగు చేస్తున్నాను. ఈ వాక్యం దగ్గర చదివే ఆవిడ మూడుసార్లు తడబడ్డారు: 'కోఠిలో కొన్న రేడియోను బాగుచేయించడానికి ఇచ్చిన తాతయ్య దాచమన్న రసీదు పోగొట్టుకున్న కుర్రాడు ఏడుస్తున్నాడు.' ఇంగ్లీష్‌లో కుర్రాడు మొదట్లోనే వస్తాడు. తెలుగులో ఏడ్చేది ఎవరో చివరిదాకా తెలియదు.

ముక్కలు చేశాను: 'తాతయ్య కోఠిలో రేడియో కొన్నాడు. బాగుచేయమని ఇచ్చాడు. రసీదు దాచమన్నాడు. కుర్రాడు పోగొట్టాడు.' ఊపిరి సరిపోయింది గానీ, వరసగా 'ఆడు, ఆడు' అని ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. 'కొని, ఇచ్చి' అని కలిపితే మళ్లీ పొడవే. ('పునరుద్ధరణ' లాంటి నోరు తిరగని మాటలు ముందే తీసేశాను.)

అర్థం చెడకుండా, వాక్యాల చివర ఒకే మోత రాకుండా దీన్ని మీరైతే ఎలా విరుస్తారు?