వార్డులో ఉన్నదే 42 మంది నర్సులు, శాంపిల్ ఎంత తీసుకోవాలి?

స్వప్న_ఎమ్మెస్సీ:
ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాది. మా మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సులు మొత్తం 42 మంది. పని ఒత్తిడి మీద ప్రశ్నావళి ఇవ్వాలి. గైడ్ మేడమ్ "30 మంది చాలు, కన్వీనియెన్స్ శాంప్లింగ్ అని రాసెయ్" అన్నారు. సీనియరేమో 384 లేకపోతే ఎక్స్‌టర్నల్ ఒప్పుకోరంటోంది. 42 మందిలోంచి 384 మందిని ఎక్కడ తేను?

కొత్తపేట_చిన్నోడు:
మిగతా 342 మంది పేషెంట్లతో పూరించండి 😂

లెక్కల_మాస్టారు:
384 ఎక్కడిదో ముందు చెప్తానమ్మా. జనాభా చాలా పెద్దదై, జవాబు అయిదు శాతం అటూఇటూగా, 95 శాతం నమ్మకంతో కావాలనుకుంటే వచ్చే సంఖ్య అది. ఊరంతా సర్వే చేసేవాళ్ళకి పనికొస్తుంది. నీ వార్డు ఊరు కాదు కదా. చిన్న జనాభాకి దాన్ని కుదించాలి:

```
n = 384 / (1 + 383/42) = 37.9
```

అంటే 38 మంది. 42 మందిలో 38 మందిని తీసుకుని నలుగురిని వదిలేస్తే నీకు మిగిలేది నాలుగు జిరాక్స్ కాగితాలు. ఆ నలుగురినీ ఎందుకు వదిలావో వైవాలో చెప్పుకోవడం కన్నా అందరికీ ఇవ్వడమే తేలిక. శాంప్లింగ్ వద్దు, 42 మందికీ ఇవ్వు.

రామబాణం:
మాస్టారూ, అందరినీ తీసుకుంటే మూడో చాప్టర్లో "శాంప్లింగ్ టెక్నిక్" అన్న హెడింగ్ కింద ఆ అమ్మాయి ఏం రాస్తుంది? యూనివర్సిటీ ఫార్మాట్‌లో ఆ హెడింగ్ ఉండాల్సిందే. 42 చీటీలు రాసి డబ్బాలో వేసి 30 తీయమనండి. సింపుల్ ర్యాండమ్. గైడ్ మాటా నిలబడుతుంది, పద్ధతీ శాస్త్రీయంగా ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
హెడింగ్ కోసం పన్నెండు మందిని పారేస్తామా? "పూర్తి గణన" అని ఒక్క వాక్యం రాస్తే ఆ హెడింగ్ నిండుతుంది.

గైడ్ గారి 30 సంగతీ చూద్దాం. శాంపిల్ 30 దాటితే సగటు ప్రవర్తన గంట ఆకారానికి దగ్గరవుతుందని పాఠాల్లో చెప్పే మాట ఉంది. అది సగటు గురించిన మాట. 30 మంది ఉంటే వార్డంతటినీ చూసినట్టేనని దానర్థం కాదు. చీటీలు తీసి 30 మందిని ఎంచితే తప్పు దాదాపు పది శాతం అటూఇటూ ఉంటుంది. ఘోరమేమీ కాదు. కానీ కన్వీనియెన్స్ అని చెప్పి పగలు కనపడిన 30 మందికి ఇస్తే ఆ పది శాతం లెక్క కూడా చెల్లదు. ఎవరు ఎలా ఎంపికయ్యారన్నది తెలిసినప్పుడే ఆ సూత్రం పనిచేస్తుంది.

నైట్_డ్యూటీ_సరోజ:
మీరిద్దరూ చీటీల దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, మా దగ్గర జరిగింది వినండి. నేను పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. మా ఆసుపత్రిలో ఇలాంటి సర్వే ఒకటి చేశారు. కాగితాలు పంచింది ఇన్‌చార్జ్ సిస్టర్, తిరిగి తీసుకున్నదీ ఆవిడే. ఒత్తిడి ఉందని ఆవిడ చేతికి ఎవరు రాసిస్తారు? అందరం "అప్పుడప్పుడు" దగ్గర టిక్ పెట్టాం. నైట్‌లో ఉన్న మాకైతే కాగితమే రాలేదు. తర్వాత చూస్తే "నర్సుల్లో ఒత్తిడి ఓ మోస్తరు" అని రిపోర్టు.

రామబాణం:
అక్కా, అది డేటా సేకరణలో లోపం. ఇక్కడి ప్రశ్న శాంపిల్ గురించి.

నైట్_డ్యూటీ_సరోజ:
రాత్రివాళ్ళకి కాగితం రాకపోవడం శాంపిల్ సంగతి కాదా తమ్ముడూ?

లెక్కల_మాస్టారు:
సరోజమ్మదే సరైన మాట. స్వప్నా, 42 మందికీ ఇచ్చినా 42 తిరిగి రావు. 31 వచ్చాయనుకో. వాటిలో 21 మంది ఒత్తిడి ఎక్కువన్నారు. 68 శాతం అని రాసేస్తావు. రాని ఆ 11 మందీ ఒత్తిడి లేనివాళ్ళే అయితే అసలు అంకె 21/42, అంటే 50 శాతం. ఆ 11 మందికీ ఒత్తిడి ఉంటే 32/42, అంటే 76. నీ అసలు అనిశ్చితి ఆ 50కీ 76కీ మధ్య ఉంది. ఏ సూత్రమూ దాన్ని తగ్గించలేదు. ఇంకో నాలుగు కాగితాలు తిరిగొస్తే తగ్గుతుంది. అందుకే ఎవరివి రాలేదో షిఫ్టు వారీగా లెక్క పెట్టుకో. రానివి ఎక్కువగా నైట్‌వాళ్ళవే అయితే ఆ మాట రిపోర్టులో రాయి.

రామబాణం:
సరే, నా గోడు కూడా వినండి. నేనూ ఇలాగే ఒక వార్డులో 50 మందినీ తీసుకున్నా, ఒక్కరినీ వదల్లేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ "మొత్తం జనాభానే లెక్కబెట్టాక పి-వాల్యూ దేనికయ్యా?" అని నిలదీశారు. ఆ చాప్టరంతా మళ్ళీ రాయించారు. ఆరు నెలలు పోయాయి. మీ సలహా విని ఈ అమ్మాయీ అదే గోతిలో పడాలా?

లెక్కల_మాస్టారు:
ఎక్స్‌టర్నల్ అడిగినదాంట్లో తప్పేముంది? శాంపిల్లో కనపడిన తేడా కాకతాళీయంగా వచ్చిందేమో అంచనా వేయడానికే పి-వాల్యూ. నీ 50 మంది గురించే చెప్తుంటే అది అక్కర్లేదు. మరెందుకు పెట్టావు?

రామబాణం:
ఎందుకంటే నా థీసిస్ ఆ ఒక్క వార్డు కోసం కాదు సార్! నర్సులందరి గురించీ ఏదో చెప్దామని. ఒక్క వార్డు గురించే అయితే ఎమ్మెస్సీ ఎందుకు, ఇన్‌చార్జ్ సిస్టర్‌నే అడిగితే సరిపోదా?

లెక్కల_మాస్టారు:
అదీ అసలు గొడవ. ఇంతసేపూ చీటీల మాటున దాచావు. నర్సులందరి గురించి చెప్పాలంటే 42లోంచి 30 చీటీలు తీసినా నీకు ఆ హక్కు రాదు. ఆ చీటీలు ఆ 42 మంది గురించి మాట్లాడే హక్కే ఇస్తాయి. ఆ వార్డుని ఎవరూ చీటీ తీసి ఎంచలేదు కదా, స్వప్న అక్కడ పనిచేస్తోంది కాబట్టి దొరికింది. జిల్లా నర్సుల దృష్టిలో నీ శాంపిల్ ఒక్క వార్డు. కావాలంటే పది వార్డుల్లో తలా నలుగురిని తీసుకో, అది ఇంకో థీసిస్.

నిమ్మకాయ_సోడా:
మాస్టారికి కోపం వస్తే బాగా అర్థమవుతుంది.

రామబాణం:
ఒప్పుకుంటా, కానీ సగమే. ఈ 42 మందిని ఇలాంటి వార్డుల్లో పనిచేసే నర్సులకి నమూనా అనుకుని పి-వాల్యూ వేసేవాళ్ళు బోలెడుమంది. అది తప్పని మీరెలా తేలుస్తారు?

లెక్కల_మాస్టారు:
తప్పని అనడం లేదు. అది నీ ఊహ, ఊహేనని రాసుకోమంటున్నా. దీని మీద గణాంకవేత్తల్లోనే రెండు పక్షాలున్నాయి.

స్వప్న_ఎమ్మెస్సీ:
నేను మా వార్డు గురించే చెప్పాలి, మేట్రన్ మేడమ్‌కి రిపోర్టు ఇవ్వాలి. కాబట్టి 42 మందికీ ఇస్తా. కానీ గైడ్ మేడమ్ "వయసు, చదువు, అనుభవం, పెళ్ళి, అన్నింటితో ఒత్తిడికి సంబంధం కై-స్క్వేర్‌తో చూపించు" అన్నారు. అందరినీ తీసుకున్నాక అది సరిపోతుంది కదా?

లెక్కల_మాస్టారు:
సరిపోదు. 42 మందిని అనుభవం ప్రకారం నాలుగు ముక్కలు, ఒత్తిడి ప్రకారం మూడు ముక్కలు చేస్తే పన్నెండు గళ్ళు. గడికి సగటున మూడున్నర మంది. అయిదు కన్నా తక్కువ రావాల్సిన గళ్ళు ఎక్కువైతే ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. రెండు ముక్కలకి కుదించు, ఫిషర్ పరీక్ష వాడు, అదీ ఒకటి రెండింటికే. ఇంకో మాట. "ఎమ్మెస్సీ చదివిన, ఇరవై ఏళ్ళ అనుభవమున్న మగ నర్సు: 1" అని టేబుల్లో వేస్తే అతనెవరో వార్డంతటికీ తెలిసిపోతుంది.

స్వప్న_ఎమ్మెస్సీ:
గైడ్ మేడమ్ ఒప్పుకోరేమో సార్. ప్రతి థీసిస్‌లోనూ ఆ టేబుల్ ఉంటుంది. అడిగి చూస్తా. పైలట్ స్టడీ అయిదుగురితో మా వార్డులోనే చేద్దామనుకున్నా...

లెక్కల_మాస్టారు:
వద్దు, వేరే వార్డులో చెయ్యి. ఇక్కడ చేస్తే ఆ అయిదుగురూ ముందే ప్రశ్నలు చూసేసినట్టు. మళ్ళీ కలిపితే జవాబులు చెడతాయి, తీసేస్తే 37 మిగులుతారు.

నైట్_డ్యూటీ_సరోజ:
స్వప్నా, కాగితాలు రాత్రి డ్యూటీ మారేటప్పుడు నువ్వే వచ్చి ఇవ్వు. పేరు రాయించకు. కవర్లో పెట్టి అంటించి డబ్బాలో వేయమను. ఆ డబ్బా మాత్రం సిస్టర్ రూములో పెట్టకు తల్లీ.