తొట్టి నిండుతుంటే చూసిన అమ్మాయికి అవకలజం అర్థమైనట్టేనా?

నీలిసిరా:
నా కథలో ఇంటర్ మొదటి ఏడాది అమ్మాయి నీళ్ల తొట్టి నిండుతుంటే చూసి అవకలజం, అంటే ఒక్క క్షణం దగ్గర మారే వేగం, అర్థం చేసుకుంటుంది. చదివిన లెక్కల మాస్టారొకాయన "ఆమె చూసింది సగటు వేగమే, అవకలజం కాదు" అన్నారు. నిజమేనా? కథ కింద పెడుతున్నాను.

*ఉదయం ఆరింటికి కుళాయి వచ్చింది. సిమెంటు తొట్టి పొడవు మీటరు, వెడల్పు మీటరు. లోపలి గోడకు అమ్మ కుట్టుమిషను టేపు అంటించి ఉంది. ముందు రోజు కాలేజీలో బోర్డు మీద రాసిన "k సున్నాకు చేరుతుంటే" అన్న మాట ఆ అమ్మాయికి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. సున్నాతో భాగించకూడదని ఏడో తరగతిలో చెప్పినవాళ్లే ఇప్పుడిలా అంటున్నారేమిటని.*

*అయిదు నిమిషాలకోసారి నీటిమట్టం పుస్తకంలో రాసింది. 0, 9.4, 17.5, 24.4, 30 సెంటీమీటర్లు. నీళ్లు పెరుగుతున్నాయి గానీ, పెరగడం తగ్గుతోంది.*

*"పదో నిమిషంలో ఎంత జోరుగా వచ్చిందే అమ్మలూ?" అన్నాడు అరుగు మీది తాతయ్య.*

*"పది నుంచి ఇరవై దాకా 12.5 సెంటీమీటర్లు. అంటే నిమిషానికి 1.25."*

*"అది పది నిమిషాల లెక్క. నేనడిగింది పదో నిమిషం దగ్గర."*

*ఆమె పుస్తకం మళ్లీ చూసింది. పది నుంచి పదిహేను దాకా తీసుకుంటే 1.38. అయిదు నుంచి పది దాకా అయితే 1.62. మర్నాడు మళ్లీ కూర్చుని ఒక్క నిమిషం తేడాతో కొలిచింది. రెండు వైపుల నుంచీ 1.5 వచ్చింది. ముందు నుంచి వచ్చే లెక్క దిగుతోంది, తర్వాతి లెక్క ఎక్కుతోంది, రెంటి మధ్యా ఒకే ఒక్క సంఖ్య ఇరుక్కుంది. k సున్నా కాదు, సున్నా వైపు నడుస్తోందంతే. ఆమె తాతయ్యను గట్టిగా పిలిచింది.*

గోదారిగట్టు:
కథ బాగుంది గానీ అసలు తప్పు వేరే చోట ఉంది. నిమిషానికి ఇన్ని సెంటీమీటర్లు అంటే నీళ్లొచ్చే వేగం కాదు, మట్టం పెరిగే వేగం. తొట్టి ఆకారాన్ని బట్టి అది మారిపోతుంది. గరాటులాంటి తొట్టిలో కుళాయి ఒకే ధారగా పోసినా మట్టం మొదట గబగబా లేచి, పైకి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. కాబట్టి నీళ్లు తగ్గాయని ఆ అమ్మాయి అనడం చెల్లదు.

నీలిసిరా:
తొట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు అని రాశాను కదండీ. గోడలు నిటారుగా ఉంటాయి. సెంటీమీటరు పెరిగితే ఎప్పుడైనా పది లీటర్లే.

గోదారిగట్టు:
మీ తొట్టి సంగతి సరే. గుండ్రటి ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు చదివితే?

పాతబోర్డు:
ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. ముందు గోదారిగట్టుగారి సంగతి. గుండ్రటి ట్యాంకైనా పక్కగోడ నిటారుగా ఉన్నంత మేరా ఇబ్బంది లేదు. పైన గోపురంలా ముడుచుకునే చోటే ఆయన మాట పనికొస్తుంది. గరాటు సంగతి మాత్రం పూర్తిగా నిజం. కానీ ఈ కథకు తగలదు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మా, మీకు ఆ మాట చెప్పిన మాస్టారు సగం కాదు, ముప్పాతిక కరెక్టు. మీ అంకెలకు సరిపోయే సూత్రం ఒకటి వేసి చూశాను: t నిమిషాలకు మట్టం h = 2t − 0.025t². అయిదేసి నిమిషాల అంకెలన్నీ ఇందులోంచి వస్తాయి. దీని ప్రకారం పది నుంచి పదకొండు దాకా నిజమైన సగటు 1.475. తొమ్మిది నుంచి పది దాకా 1.525. రెండూ 1.5 కావు. మీ అమ్మాయికి రెండు వైపులా 1.5 ఎందుకొచ్చింది? టేపు మీద మిల్లీమీటరు కన్నా చిన్న గీత లేదు కాబట్టి. 18.975ను ఆమె 19 అని చదివింది, 15.975ను 16 అని చదివింది. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఆమె జవాబు 1.4 లేదా 1.6 అయ్యేది. వ్యవధిని ఇంకా తగ్గించి పది సెకన్లకు దిగితే మట్టం పెరిగేదే రెండున్నర మిల్లీమీటర్లు. అందులో రెండుసార్లు చదవడంలో వచ్చే పొరపాటు ఎంతో ఊహించుకోండి. కొలతలో వ్యవధి k తగ్గేకొద్దీ జవాబు మెరుగు కాదు, పాడవుతుంది. కథ దీనికి తలకిందులుగా చెబుతోంది.

మున్సిపల్‌లైను:
ఆరింటికి వచ్చి ఇరవై నిమిషాలకే సన్నగిల్లుతోందంటే చివరి వీధి అయ్యుండాలి. లేదా ఎవరో లైనుకు నేరుగా మోటారు పెట్టి లాగుతున్నారు. అది చట్టవిరుద్ధం. కంప్లైంటు రాయండి.

నీలిసిరా:
అన్నా, అది కథ.

ర్యాంకు2019:
మాస్టారూ, కొలతలో పొరపాటు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయికి కలిగిన ఆలోచన నాకు రెండేళ్ల హాస్టలు చదువులో ఒక్కసారి కూడా కలగలేదు. మా లెక్చరరు మొదటి రోజే అరవై సూత్రాల కాగితం చేతికిచ్చారు. sin x పక్కన cos x. ఎందుకని అడిగితే "ఎంసెట్‌లో ఎందుకని అడగరు" అని నిలబెట్టారు. ఆ పీరియడంతా నిలబడే ఉన్నాను. ర్యాంకు వచ్చింది. ఇంజినీరింగు రెండో ఏడాదిలో కండెన్సరు ఛార్జయ్యే గ్రాఫు చూపించి "ఇక్కడ వాలెంత" అని అడిగితే తెల్లముఖం వేశాను. సూత్రం లేని గ్రాఫుకు అవకలజం ఉంటుందనే నాకు తెలియదు. ఈ కథలో అమ్మాయికి సూత్రమే లేదు, అంకెలే ఉన్నాయి. అయినా అడిగినదానికి జవాబు వెతికింది. దాన్ని తప్పంటే ఎలా?

పాతబోర్డు:
తప్పనలేదు నాయనా. అవకలజం కాదన్నాను. నేను చెప్పిన సూత్రంలో పదో నిమిషం నుంచి k నిమిషాల సగటు కడితే 1.5 − 0.025k వస్తుంది. k సున్నా కానంతవరకే భాగించాం, న్యాయంగానే భాగించాం. 1.5కీ దానికీ తేడా 0.001 లోపు ఉండాలంటే k 0.04 నిమిషాల కన్నా తక్కువ తీసుకుంటే చాలు. అంటే 2.4 సెకన్లలోపు. మీరు ఎంత చిన్న తేడా అడిగినా దానికి తగిన k చూపిస్తాను. ఆ హామీ పేరే అవధి. టేపుకు ఆ హామీ ఇచ్చే శక్తి లేదు.

ఇది కొత్త గొడవేం కాదు. న్యూటన్ మారే రాశిని ప్రవహించేదానిగానే ఊహించాడు, దాని వేగానికి ఫ్లక్షన్ అని పేరు పెట్టాడు. 1734లో తత్వవేత్త బర్క్లీ అడిగిందీ ఇదే: ఆ చిన్న పెరుగుదల సున్నా కాదని భాగించి, తర్వాత సున్నా అని కొట్టేస్తారేమిటని. సూటిగా జవాబు చెప్పడానికి ఫ్రెంచి గణితవేత్త కోషీ దాకా, అంటే 1820ల దాకా పట్టింది. అంతమంది తలలు పట్టుకున్నదాన్ని ఒక అమ్మాయి రెండు ఉదయాల్లో పట్టేసిందంటే నాకు మనసొప్పదు.

ర్యాంకు2019:
న్యూటన్‌కు కోషీ అవధి తెలియదు కదా మాస్టారూ. మరి ఆయనకు అవకలజం తెలియదంటారా?

గోదారిగట్టు:
మంచి దెబ్బ.

పాతబోర్డు:
ఇది దెబ్బలాట కాదు. మీ తరానికి "ఫీలయ్యాను" అంటే చాలు, అర్థమైనట్టే. నా క్లాసులో తల ఊపిన పిల్లలు వందల మంది. పరీక్షలో |x|కి సున్నా దగ్గర అవకలజం రాయమంటే సున్నా అని రాసి వెళ్లారు. వాళ్లకీ అర్థమైందనే అనిపించింది. నాకూ వాళ్లకు అర్థమైందనే అనిపించింది. అది నన్నెంత బాధపెట్టిందో మీకు తెలియదు.

ర్యాంకు2019:
నిలబెట్టినవాళ్ల వల్ల నాకెంత బాధ కలిగిందో మీకూ తెలియదు. రాదేమోనన్న భయంతో అడగడం మానేసిన పిల్లల్ని మీరెప్పుడైనా లెక్కపెట్టారా? వాళ్లు తలైనా ఊపరు.

మున్సిపల్‌లైను:
కథ అంటున్నారు గానీ ఒక్క మాట. లైనులో ఒత్తిడి అంత నున్నగా తగ్గదు. పక్కింటివాళ్లు మోటారు వేసిన క్షణాన ధార ఒక్కసారిగా సగమవుతుంది. నేను రోజూ చూస్తాను. ఆ అమ్మాయి పుస్తకంలో అది కనిపించాలి కదా.

పాతబోర్డు:
ఆగండి. ఈ థ్రెడ్డులో నాకు కావలసిన మాట ఈయన అన్నారు.

ఇరవై మూడో నిమిషంలో పక్కింట్లో మోటారు వేశారనుకోండి. అప్పటిదాకా నిమిషానికి 0.85, ఆ తర్వాత 0.45. మట్టం తెగిపోదు, నీళ్లు పెరుగుతూనే ఉంటాయి. కానీ గ్రాఫులో అక్కడ మోచెయ్యి వంగినట్టు మూల పడుతుంది. ఇరవై మూడో నిమిషం దగ్గర ఎంత జోరు? ముందు నుంచి ఎంత దగ్గరికి వచ్చినా 0.85, తర్వాత నుంచి వస్తే 0.45. ఎంత తగ్గించినా రెండూ కలవవు. అక్కడ అవకలజం లేదు. |x|లో ఉన్నది ఈ మూలే. ఆ అమ్మాయి తాతయ్యకు "అక్కడ లెక్క లేదు తాతయ్యా" అని చెప్పగలిగితే, అప్పుడు అర్థమైందని నేనే ఒప్పుకుంటాను.

ర్యాంకు2019:
ఆమె ముందూ వెనకా రెండు వైపులా చూసింది కాబట్టి చెప్పగలదు మాస్టారూ. మా సూత్రాల కాగితం పట్టుకున్నవాడు చెప్పలేడు.

పాతబోర్డు:
రెండు వైపులా చూడడం ఆ కథలో నాకు నచ్చిన సంగతి. అది ముందే చెప్పాల్సింది. ఇంకోటి కూడా. ఆమె ఒక్క నిమిషానికి దిగకుండా, పదికి అటు అయిదు, ఇటు అయిదు కలిపి తీసుకునుంటే 9.4 నుంచి 24.4 దాకా సరిగ్గా 15 సెంటీమీటర్లు, పది నిమిషాలు, 1.5. వ్యవధి పెద్దది కాబట్టి మిల్లీమీటరు పొరపాటు పెద్దగా అంటదు. వంపు ఇలా వర్గసూత్రంలా ఉంటే రెండు వైపుల ఎక్కువ తక్కువలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ మోటారు వేసిన చోట ఇదే ఉపాయం వాడితే 0.65 వస్తుంది. ఆ వేగంతో ఆ తొట్టిలోకి నీళ్లు ఏ క్షణాన్నా రాలేదు. మంచి ఉపాయమే అక్కడ అబద్ధం చెబుతుంది.

గోదారిగట్టు:
అయితే మోటారు వేసిన వెంటనే ధార నిజంగా ఒక్క క్షణంలో తగ్గుతుందా, రెండు మూడు సెకన్లు పడుతుందా? పడితే అది మూల కాదు, గుండ్రటి వంపే.

మున్సిపల్‌లైను:
కంటికి ఒక్కసారే. సెకన్లు కొలవలేదు.

పాతబోర్డు:
గోదారిగట్టుగారూ, ఈసారి మీ అనుమానం సరైన చోట పడింది. మోటారు తిరిగి జోరందుకోవడానికి కొంత సమయం పడుతుంది, నిజమైన పైపులో పదునైన మూల ఉండకపోవచ్చు. మూల మన నమూనాలోది. అయితే మరి 1.5 కూడా నమూనాలోదేనా, నీళ్లలోదా అని ర్యాంకు2019 అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు.

ర్యాంకు2019:
నీళ్లలోదే అంటాను నేను.

నీలిసిరా:
కథలో ఒక్క నిమిషం కొలత తీసేశాను. ఇప్పుడు అటు అయిదు, ఇటు అయిదు ఉంచాను. తాతయ్య రెండో రోజు ఇంకో ప్రశ్న అడుగుతాడు, పక్కింట్లో మోటారు మోగుతుంటే. ఆ అమ్మాయి రెండు అంకెలు రాసి, మధ్యలో గీత గీసి, పెన్సిలు ఎత్తి ఆగుతుంది. అక్కడిదాకా రాశాను. ఆమె ఏమంటుందో ఇంకా రాయలేదు.